బొమ్మల కథకు కాలం, శబ్దం
బొమ్మల కథను వీడియోగా మలచేటప్పుడు గడులన్నిటికీ కాలాన్ని సమంగా పంచరాదు. ఏ గడికెంత కావాలో కథే చెబుతుంది. నాలుగు గడుల ఈ కథను చూడండి.

మొదటి గడిలో సలీం వుజూ చేసుకుని, కుళాయి కట్టకుండానే వెళ్ళిపోతాడు. 3 సెకన్లు, నీటి ధార, దూరమయ్యే అడుగుల చప్పుడు.

రెండవ గడిలో బకెట్ పొంగిపొర్లుతుంది. మాటలు లేకున్నా 4 సెకన్లు ఉంచాలి; వృథా కంటికి ఆనాలి కదా!

మూడవ గడిలో అమ్మీ పిలుస్తుంది: "బేటా, నీళ్ళు పోతున్నాయి!" ఈ మాటను గట్టిగా చదివితే 2 సెకన్లు పడుతుంది. మరొకటి కలిపి 3 ఇవ్వాలి. ధార శబ్దం తగ్గించకపోతే పిలుపు వినబడదు.

నాలుగవ గడిలో సలీం కుళాయి కట్టేస్తూ కనిపిస్తాడు. అతడు పరుగెత్తి రావడాన్ని పాఠకుడు ఊహించుకుంటాడు, ప్రేక్షకునికి వినిపించాలి. అందుకే పరుగు చప్పుడు మూడవ గడి చివరనే మొదలుకావాలి. ఈ గడికి 5 సెకన్లు: కుళాయి బిగిసిన శబ్దం, ఒక చుక్క, ఆపై నిశ్శబ్దం.

మొత్తం 15 సెకన్లు. తెర మూసి శబ్దం మాత్రమే వినండి. పరుగు ఎందుకో తెలియకపోతే, ఆ చప్పుడు పిలుపు కన్నా ముందే పడినట్లు.