గ్యారంటీ బ్యాంకుకే, బాకీ మనదే
కెనడాలో చిన్న వ్యాపారం పెట్టాలనుకునే మనవాళ్ల చెవిన తరచూ ఒక మాట పడుతుంది: "గవర్నమెంట్ లోన్ ఉంది, ఎగ్గొట్టినా 85 శాతం ప్రభుత్వమే కడుతుంది." కెనడా స్మాల్ బిజినెస్ ఫైనాన్సింగ్ ప్రోగ్రామ్ గురించిన మాట ఇది. 85 శాతం సంగతి నిజమే. అయితే అది బ్యాంకుకు వచ్చే నష్టంలో ప్రభుత్వం భరించే వాటా. అప్పు తీసుకున్నవాడి బాకీలో దానివల్ల ఒక్క డాలరు కూడా తగ్గదు.

ఇది సబ్సిడీ కాదు, అప్పు. దీనికోసం ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టే పని లేదు. బ్యాంకుకో క్రెడిట్ యూనియన్‌కో వెళ్లాలి, ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లే తేలుస్తారు. ఏడాది అమ్మకాలు కోటి డాలర్లు దాటకూడదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అమ్మకాల అంచనా రాసివ్వాలి. వ్యవసాయానికి ఈ పథకం వర్తించదు, దానికి వేరే పథకం ఉంది.

బ్రాంప్టన్‌లో ఒక జంట టిఫిన్ సెంటర్ పెడుతున్నారనుకుందాం. గ్రైండర్లకు, పొయ్యిలకు, కూలర్‌కు లక్షా ఇరవై వేల డాలర్లు. అద్దె షాపులో గోడలు, ప్లంబింగ్, పొగగొట్టం పనులకు అరవై వేలు. మొదటి నెలల సరుకులకు, జీతాలకు ఇరవై వేలు. మొత్తం రెండు లక్షలు. సామాన్లకు, అద్దె షాపు పనులకు ఈ పథకంలో గరిష్ఠంగా ఐదు లక్షల దాకా అప్పు పుడుతుంది. అందులోనే లక్షన్నర వరకు సరుకులు, జీతాల వంటి రోజువారీ ఖర్చులకు వాడుకోవచ్చు. కాబట్టి వీళ్ల లెక్క పరిమితిలోనే ఉంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, అంటే నాలుగు వేలు. దాన్ని అప్పులోనే కలుపుకోవచ్చు. వడ్డీ మారుతూ ఉండే రకమైతే ప్రైమ్ రేటు మీద 3 శాతానికి మించకూడదు.

చిక్కు కొటేషన్ల దగ్గర వస్తుంది. ఆ కూలర్‌ను బావమరిది దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారనుకోండి. బంధువు కాబట్టి ధర సరైనదేనని చూపడానికి మదింపుదారు రిపోర్టు కావాలి. ఆ సంగతి ముందే బ్యాంకుకు చెప్పెయ్యాలి. ఎక్కువ అప్పు పుడుతుందని పది వేల కూలర్‌కు పాతిక వేల బిల్లు రాయించుకుంటే అది మోసమే. రేపు వ్యాపారం దెబ్బతిని బ్యాంకు ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడిగినప్పుడు ఆ కాగితాలన్నీ తిరగేస్తారు.

మిగతా పథకాలు వెతకడానికి కేంద్ర ప్రభుత్వం వారి బిజినెస్ బెనిఫిట్స్ ఫైండర్ ఉంది, ఉచితం. ఊరు, వ్యాపారం, అవసరం చెబితే జాబితా ఇస్తుంది. జాబితాలో కనిపించినంత మాత్రాన అర్హత వచ్చినట్టు కాదు. ఒక్కో పథకం షరతులు విడిగా చదవాల్సిందే. ఉదాహరణకు ఫ్యూచర్‌ప్రెన్యూర్ సంస్థ అప్పు 18 నుంచి 39 ఏళ్ల పౌరులకు, పీఆర్ ఉన్నవాళ్లకు మాత్రమే. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోవాలి. "గ్రాంట్ ఇప్పిస్తాను, ముందు నాకింత పంపు" అని ఎవరైనా అంటే ఇవ్వకండి. పైన చెప్పిన 2 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు కూడా బ్యాంకు ద్వారానే కట్టేది, మధ్యవర్తికి కాదు.

బ్యాంకు కాదంటే కారణం అడగండి. ప్లాన్‌లో లోపమైతే దిద్దుకుని ఇంకో బ్యాంకుకు వెళ్లొచ్చు, ఎవరి నిర్ణయం వాళ్లదే.