దసరా బండికి ఆన్‌రోడ్ లెక్క

విజయదశమికి వేరే ముహూర్తం చూడక్కర్లేదని మనవాళ్ల నమ్మకం. ఆయుధపూజ నాడు కొత్త బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకోవాలని చాలామంది నెలల ముందు నుంచే డబ్బు కూడబెడతారు. ఆ తేదీ మీద మనకున్న పట్టుదల షోరూంవాళ్లకు బాగా తెలుసు. ‘మహర్నవమికే బండి కావాలంటే కిట్ బిగించినవే ఉన్నాయి సార్, విడిగా అంటే పండగ తర్వాతే’ అన్న మాట దసరా వారంలో తరచుగా వినపడేది అందుకే. ఇలాంటి ఒత్తిడిలో బోర్డు మీది ఆఫర్ కంటే కొటేషన్ కాగితంలోని వరసలు ఎక్కువ ఖరీదైనవి. ఆ వరసలను ఒక మామూలు స్కూటర్ కొనుగోలుతో చూద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే అయినా తేడాలు వచ్చే చోట్లు మాత్రం నిజమైనవి.

స్కూటర్ ఎక్స్ షోరూం ధర రూ.88,000 అనుకుందాం. ఇందులో జీఎస్టీ కలిసే ఉంటుంది. 350 సీసీ దాకా ఉన్న ద్విచక్ర వాహనాల మీద ఇది 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి కొటేషన్‌లో బండి ధర కింద మళ్లీ జీఎస్టీ అని వేరే వరస కనబడకూడదు. బండి షోరూం దాకా చేరిన ఖర్చు కూడా ఈ ధరలోదే. లైఫ్ ట్యాక్స్‌ను 12 శాతంగా తీసుకుంటే రూ.10,560. ఈ రేటు రాష్ట్రాన్ని బట్టి, బండి ధరను బట్టి మారుతుంది. టీఆర్, రిజిస్ట్రేషన్, కార్డు, పోస్టు కలిపి సుమారు వెయ్యి. ఇవి ప్రభుత్వానికి కట్టేవి, వీటిలో బేరం ఉండదు. రసీదు మాత్రం అడిగి తీసుకోవాలి.

బేరానికి చోటు ఇన్సూరెన్స్ దగ్గర మొదలవుతుంది. కొత్త ద్విచక్ర వాహనానికి 5 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేదే. 75 దాటి 150 సీసీ దాకా ఉన్న బండికి 2022లో ఖరారైన రేటు 5 ఏళ్లకు రూ.3,851, పైన జీఎస్టీ. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఈ ముక్క మారదు. మారేది బండికి జరిగే నష్టానికి చేసే బీమా, జీరో డెప్ లాంటి అదనపు కవర్ల ధర. పాలసీ షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. మన స్కూటర్‌కు షోరూం రూ.8,200 అడిగితే, అదే బీమా విలువతో, అవే కవర్లతో బయట రూ.6,300కు దొరికిందనుకుందాం. ఆ కోట్ ముందు పెడితే చాలాచోట్ల షోరూంవాళ్లే దిగివస్తారు. యజమానికి ఉండాల్సిన రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మీకు మరో బండి మీద ఇప్పటికే ఉంటే రెండోసారి కట్టక్కర్లేదు.

అసలు పండగ ఖర్చు యాక్సెసరీస్ కిట్‌లో ఉంది. మన కొటేషన్‌లో ‘కిట్ రూ.4,800’ అని ఒకే వరస. విప్పి చూస్తే శారీ గార్డ్, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే గ్రాబ్ రెయిల్, ఫుట్‌రెస్ట్, సీటు కవరు, ఫ్లోర్ మ్యాట్. వీటిలో మొదటి మూడూ అసలు యాక్సెసరీస్ కావు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే చోటు, చీర చెంగో చున్నీయో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ కంపెనీయే బండితో ఇవ్వాలి. కాళ్లు రెండూ ఒకే పక్కకు వేసి కూర్చునే అమ్మలు, అమ్మమ్మలు ఉన్న దేశంలో ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి. దాన్ని షోకు సామానుగా అమ్మడం నాకు అన్యాయంగానే తోస్తుంది. బీఐఎస్ ముద్ర ఉన్న హెల్మెట్ కూడా బండితోపాటు కంపెనీ ఇవ్వాలని 138వ నిబంధన చెబుతోంది. దానికీ కొటేషన్‌లో రూ.1,000 వేశారనుకుందాం. కొన్ని మోడళ్లకు వేరే డిజైన్ గార్డు, స్టీలు రెయిలు అదనంగా దొరుకుతాయి. అవి నచ్చితే డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. కంపెనీ ఇచ్చినవి ఎక్కడున్నాయని ముందు అడగాలి. 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కూడా బండి ధరలోదే.

ఇక మిగిలింది ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు రూ.1,500’. దేనికని అడిగితే బండి గోడౌన్ నుంచి తెచ్చాం, కడిగాం, పేపర్లు చేశాం అంటారు. ఎక్స్ షోరూం ధర చెల్లించాక వీటికి విడిగా కట్టాల్సిన పని లేదు. ఆ వరస కొట్టేయమని నిలబడి అడిగినవారికి కొట్టేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఆఫర్ సంగతి. బోర్డు మీద ‘దసరా ధమాకా రూ.5,000’ అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో నగదు తగ్గింపు 2,000, పాత బండి మార్చుకుంటే 2,000, వాళ్లు చెప్పిన ఫైనాన్స్‌లో తీసుకుంటే 1,000 అని విడివిడిగా ఉంటుంది. పాత బండి లేకుండా రొక్కం పెట్టి కొనేవారికి దక్కేది రూ.2,000. ఆ తగ్గింపు పోగా షోరూం కొటేషన్ మొత్తం రూ.1,13,060 అవుతుంది. అదే బండికి బయటి ఇన్సూరెన్స్ తీసుకుని, నిజంగా కావాలనుకున్న సీటు కవరు, మ్యాట్‌లకు రూ.900 ఇచ్చి, హెల్మెట్, హ్యాండ్లింగ్ వరసలు తీసేస్తే రూ.1,04,760. తేడా రూ.8,300. కాబట్టి రెండు షోరూంలను పోల్చేటప్పుడు ఎవరి ఆఫర్ పెద్దదో చూడొద్దు. కిట్ లేకుండా, ఒకే రకం ఇన్సూరెన్స్‌తో తాళం చేతికొచ్చేసరికి ఎంతవుతుందో ఇద్దరినీ కాగితం మీద రాసిమ్మనండి.

కారు కొనేవారికీ ఇదే లెక్క. వాళ్లకు థర్డ్ పార్టీ బీమా 3 ఏళ్లకు. ధర రూ.10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.

ఈ బేరం పండగ ముందు రోజు సాగదు. రెండు మూడు వారాల ముందే బుక్ చేసుకుంటే కిట్ బిగించని బండిని కేటాయించమని అడిగే వీలుంటుంది. బుకింగ్ రసీదు మీద మోడల్, రంగు, డెలివరీ తేదీ, ‘యాక్సెసరీస్ వద్దు’ అన్న మాట, ఆ తేదీకి ఇవ్వలేకపోతే డబ్బు పూర్తిగా వాపసు అన్న మాట రాయించుకోండి. మధ్యలో ధర మారితే ఏం చేస్తారో కూడా రాయించాలి. సాధారణంగా వర్తించేది బుకింగ్ నాటి ధర కాదు, ఇన్‌వాయిస్ నాటి ధర. డబ్బు షోరూం ఖాతాకే పంపండి, సేల్స్ కుర్రాడి ఫోన్‌పేకు వద్దు.

టీఆర్, ఇన్సూరెన్స్ పండగకు ఒకటి రెండు రోజుల ముందే పూర్తి చేయించుకుంటే ఆ రోజు పూజ చేసుకుని బయల్దేరడమే. టీఆర్, పాలసీ లేకుండా ‘రేపు పంపిస్తాం, బండి తీసుకెళ్లండి’ అంటే ఒప్పుకోవద్దు. దారిలో ఏదైనా జరిగితే ఆ భారమంతా మీదే. బండి తీసుకునే ముందు ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం చూడండి. ఇన్‌వాయిస్ మీదున్న ఛాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటేనా అని సరిచూడండి. యాక్సెసరీస్ కొంటే వాటికి విడిగా జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు లేని వసూలు మీద గానీ, బలవంతపు కిట్ మీద గానీ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు పనికొచ్చేవి రాసిచ్చిన కొటేషను, బుకింగ్ రసీదులే.