వీడియో ఎక్కడ ఆగాలి?

ఇంట్లో వీడియో పాఠం, బడిలో లెక్కల సాధన. ఈ ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతిలో వీడియో మధ్యలో వచ్చే ప్రశ్నే టీచరుకు ఆధారం. ‘అర్థమైందా?’ అని అడిగితే పిల్లలు అవుననే నొక్కేస్తారు.

పదో తరగతి విద్యుత్ పాఠమే చూడండి. సమాంతర సంధానం సూత్రం చెప్పాక, మాదిరి లెక్క చేసి చూపకముందే వీడియో ఆగాలి. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధమెంత? జవాబు 2 ఓమ్‌లు. పనితనమంతా తప్పు జవాబులు రాయడంలోనే ఉంది. 9 ఎంచుకున్న పిల్లలు శ్రేణి సంధానం అనుకుని కూడేశారన్నమాట. 0.5 అన్నవాళ్లు విలోమాలు సరిగ్గానే కూడి, చివర్లో తిరగేయడం మరిచారు.

ఎడ్‌పజిల్ లాంటి వేదికల్లో ఎవరేం ఎంచుకున్నారో టీచరుకు కనిపిస్తుంది. మర్నాడు మొదటి గుంపుతో వలయం కట్టించాలి. రెండో గుంపుకు ఒక్క మాట చాలు. తరగతంతా 2 అంటే మాత్రం సంబరపడొద్దు. మాదిరి లెక్కలోని అంకెలతోనే ప్రశ్న అడిగారేమో ఒకసారి చూసుకోండి.