రెండో సిగ్నల్ దాటాక, బంకు పక్కన

సొసైటీ పనుల మీద ఊళ్లు తిరిగే వారందరికీ తెలిసిన సంగతే. ఫోనులో దారి అడుగుతాం, అవతలి మనిషి ప్రేమగా చెబుతాడు, మనం "సరే, సరే" అంటాం. బండి కదిలిన పావుగంటకే మళ్లీ ఫోను చేస్తాం. ఆయన తప్పు చెప్పలేదు, మేమూ తప్పు వినలేదు. ఆ మాట రోడ్డు మీద ఏ మలుపో మాత్రం ఇద్దరం తేల్చుకోలేదు.

నెల్లిమర్ల దాటి ఉన్న రామతీర్థానికి మేము రెండు సార్లు వెళ్లాం. ఒకసారి విజయనగరం నుంచి, ఇంకోసారి శ్రీకాకుళం నుంచి. రెండు సార్లూ అదే ఇల్లు, అదే మనిషి చెప్పిన దారి. ఇంటివారి కోసం ఊళ్లోని గుర్తులు కొంచెం మార్చి రాస్తున్నాం. ఆయన చెప్పింది ఇది: "రెండో సిగ్నల్ దాటాక పెట్రోలు బంకు ముందు తిరిగీసి, తిన్నగా నెల్లిమర్ల వచ్చీండి మాస్టారూ. అక్కడ రామతీర్థం జంక్షన్. ఊళ్లోకి వచ్చాక బడి దాటి రెండో సందు, ఎడమకి."

మొదట "రెండో సిగ్నల్" సంగతి చూద్దాం. ఫోను చేసేటప్పుడు మేము ఒక సిగ్నల్ దగ్గరే నిలబడి ఉన్నాం. లెక్కలో అది ఒకటా, సున్నా? మేము ఒకటి అనుకున్నాం, ఆయన సున్నా అనుకున్నాడు. పైగా మధ్యలో ఒక చోట స్తంభం ఉంది గాని దీపం వెలగదు. రోజూ తిరిగే మనిషికి వెలగని సిగ్నల్ సిగ్నలే కాదు. కొత్తవాడికి స్తంభం కనిపిస్తే చాలు, లెక్కపెట్టేస్తాడు. పసుపు దీపం ఆరి వెలుగుతూ ఉండే చోటు మరీ చిక్కు, కొందరు లెక్కిస్తారు, కొందరు లెక్కించరు. అందుకే ఇప్పుడు మేము అంకె వినగానే పేరు అడుగుతాం. మన ఉత్తరాంధ్రలో ప్రతి కూడలికీ ఒక పేరుంటుంది, దాన్ని జంక్షన్ అంటాం. విజయవాడ వైపు సెంటర్ అంటారు, హైదరాబాదులో చౌరస్తా అంటారు. పేరు బోర్డు మీద లేకపోయినా ఫర్వాలేదు. పక్కనున్న ఆటో అతన్ని పేరు పెట్టి అడగొచ్చు. "రెండో సిగ్నల్ ఎక్కడ భాయ్?" అని అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతాడు?

"దాటాక" అన్న మాటకీ రెండు అర్థాలు పడతాయి. సిగ్నల్ దగ్గరకు చేరి అక్కడే తిరగమనా, దాన్ని వెనక్కి వదిలి తర్వాతి దారిలో తిరగమనా? సూటిగా అడగాలి: "సిగ్నల్ దగ్గర తిరగాలా, తిన్నగా దాటి తిరగాలా?" ఒక్క ముక్కలో తేలిపోతుంది.

అసలు చిక్కు "బంకు ముందు" అన్న మాటలో ఉంది. మన తెలుగులో "ముందు" అంటే ఎదుట అనీ అర్థం, కంటే మొదట అనీ అర్థం. బంకు ఎదురుగా ఉన్న దారిలోకా, బంకు ఇంకా రాకముందే వచ్చే దారిలోకా? మేము మొదటి అర్థం తీసుకున్నాం. బంకు దాకా వెళ్లి చూస్తే దానికెదురుగా ఒక కల్యాణ మంటపం గేటు ఉంది, దారి లేదు. మా మలుపు అప్పటికే వెనకబడిపోయింది. మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి చాలా దూరం పోయి తిరిగి రావాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఇలా అడుగుతాం: "మాకు బంకు ముందు కనిపిస్తుందా, మలుపు ముందు వస్తుందా?" మలుపే ముందు వస్తుందంటే బంకు మనకు తిరిగే గుర్తు కాదు, దాటిపోయామని చెప్పే గుర్తు. అప్పుడు దానికి ముందున్న గుర్తు ఇంకొకటి అడిగి తీసుకోవాలి. ఒకే రోడ్డు మీద రెండు బంకులుంటే కంపెనీ అడగండి. కంపెనీ పేరు గుర్తు లేనివాళ్లు కూడా రంగు చెబుతారు. ఇండియన్ ఆయిల్‌ది నారింజ, నీలం. భారత్‌ది పసుపు, నీలం.

ముందు గుర్తు ఎందుకంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 11 మీటర్లు పోతుంది. అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, పక్కకు జరిగి, వేగం తగ్గించడానికి పది సెకన్లయినా కావాలి. అంటే మలుపుకు వంద మీటర్ల ముందే మనకు తెలిసి ఉండాలి. మలుపు దగ్గరే కనిపించే గుర్తు నడిచేవాడికి పనికొస్తుంది గాని, బండిలో ఉన్నవాడికి ఆలస్యమే.

ఇక "తిన్నగా". దీని అర్థం స్టీరింగు కదపకుండా పొమ్మని కాదు, పెద్ద రోడ్డు వదలొద్దని. పెద్ద రోడ్డు వొంపు తిరిగిన చోట, ముక్కుసూటిగా ఒక చిన్న రోడ్డు పోతుంటే, చెప్పేవాడి "తిన్నగా" వొంపుతోనే పోతుంది. ఆయనకు అది మలుపుగా తోచదు, అందుకే చెప్పడు.

నెల్లిమర్ల చేరాక మా బండిలో ఉన్న పెద్దాయన "రామతీర్థం జంక్షన్ వచ్చింది, దిగుదామా?" అన్నారు. జంక్షన్‌కు ఆ పేరు అక్కడ ఊరున్నందుకు రాలేదు, ఆ ఊరికి పోయే రోడ్డు అక్కడ చీలుతున్నందుకు వచ్చింది. ఊరు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంది. ఊరి పేరుతో ఉన్న చాలా జంక్షన్లు ఇలాంటివే. పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున ఇంకో రామతీర్థం ఉంది. ఫోనులో మ్యాపు పెట్టుకునేవారు జిల్లా పేరు చూసుకోకపోతే బండి దక్షిణానికి దారి తీస్తుంది.

రెండోసారి శ్రీకాకుళం నుంచి హైవే మీద వచ్చాం. రణస్థలం దగ్గర కుడికి తిరిగి లోపలికి రావాలి. విశాఖ వైపు వస్తుంటే సముద్రం ఎడమన, రామతీర్థం కుడిన. ఇంతవరకు తేలికే. అయితే పెద్ద హైవే మీద అండర్‌పాస్ ఉన్న చోట కుడికి తిరగాలంటే ముందు ఎడమకి సర్వీసు రోడ్డులోకి దిగాలి. "కుడి" అని విని కుడి వరుసలో ఉండిపోతే వంతెన ఎక్కేస్తాం.

ఊళ్లోకి వచ్చాక పాత కాగితం తీశాం: బడి దాటి రెండో సందు, ఎడమకి. బడి కనిపించింది, దాటాం, రెండో సందులో ఎడమకి తిరిగాం. పొలం గట్టు వచ్చింది. పిల్లలకు లెక్కలు చెప్పే మేము చేసిన తప్పు అది. ఆ దారి నెల్లిమర్ల నుంచి వచ్చేవాడి కోసం చెప్పింది. అటునుంచి వస్తే వరుస ఇది: బడి, మొదటి సందు, రెండో సందు, వాటర్ ట్యాంకు. మేము రణస్థలం వైపు నుంచి వచ్చాం కాబట్టి వరుస తలకిందులవుతుంది: వాటర్ ట్యాంకు, ఇంటి సందు, ఇంకో సందు, ఆ తర్వాత బడి. చెయ్యి కూడా మారుతుంది, ఎడమ కుడి అవుతుంది. అంటే మాకు సరైన దారి "ట్యాంకు దాటాక మొదటి సందు, కుడికి". బడి కనిపించిందంటే దాటిపోయినట్టే. మేము ఏ గుర్తు కోసం వెతికామో, మా దిక్కు నుంచి అదే తప్పిపోయామన్న గుర్తు.

అందుకని దారి చెప్పేవాడు నోరు తెరవకముందే "మేము ఫలానా వైపు నుంచి వస్తున్నాం" అని చెప్పేస్తున్నాం. దిక్కుకు సూర్యుణ్ణి కూడా చూసుకుంటాం. ఉదయం రణస్థలం నుంచి రామతీర్థం వస్తుంటే ఎండ వీపుకు తగలాలి. కళ్లలో కొడుతుంటే బండి ఆపి అడగడం మంచిది.

ఇప్పుడు కాగితం మీద ప్రతి మలుపుకూ ఒక వరుస రాస్తున్నాం. మలుపుకు ముందు కనిపించేది, ఏ చేతికి తిరగాలి, కనిపిస్తే దాటిపోయినట్టు చెప్పేది. మూడో గడికి జవాబు రాబట్టడమే కష్టం. ఊరివాడు ఎప్పుడూ దారి తప్పడు కదా, దాటిపోతే ఏం వస్తుందో ఆలోచించి ఉండడు. కొంచెం ఆగి, తల గోక్కుని, "ఆఁ, చెరువు వచ్చీసిందంటే వెనక్కి రండి మాస్టారూ" అంటాడు. ఆ మాట వచ్చేదాకా మేము ఫోను పెట్టం.