'గా' రెండుగా చీలే చోట: చైనీస్‌లో మూడు 'ద'లు

నేటి చైనీస్ రాతలో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనబడే అక్షరం 的. దాన్ని 'ద' అని పలుకుతారు. ఆ భాషకున్న నాలుగు టోన్లలో ఏదీ దీనికి తగలదు, ముందు మాటకు అంటుకుని తేలిగ్గా వినిపించి పోతుంది. అచ్చం అలాగే పలికే అక్షరాలు మరో రెండున్నాయి: 地, 得. మాట్లాడుతున్నంత సేపూ ఈ మూడింటితో ఎవరికీ పేచీ లేదు. కలం పట్టుకున్నప్పుడే, మూడింటిలో ఏది రాయాలన్న ప్రశ్న వస్తుంది.

చైనా బడిపిల్లలు వీటిని ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటారు. 的లో ఎడమన 'తెలుపు', కుడిన 'గరిటె' అనే అక్షరాలుంటాయి. 地లో ఎడమన 'మట్టి' ఉంటుంది. 得 ఎడమ భాగాన్ని 'ఇద్దరు మనుషులు' అంటారు. గుర్తుపట్టడం వరకు ఇది చాలు. ఏది ఎక్కడ రాయాలో తెలియాలంటే వాక్యంలోకి దిగాలి.

మొదటి దాన్ని తెలుగువాళ్లు చాలా సులువుగా పట్టేస్తారు. 的 తర్వాత నామవాచకం వస్తుంది, దాని ముందున్నదంతా ఆ నామవాచకానికి విశేషణం. 我的书 (వో ద షూ) అంటే 'నా పుస్తకం'. 漂亮的衣服 (ప్యావ్‌ల్యాంగ్ ద యీఫు) అంటే 'అందమైన బట్టలు'. 我昨天买的书 (వో జువోత్యెన్ మాయ్ ద షూ) అంటే 'నేను నిన్న కొన్న పుస్తకం'. ఈ మూడో ఉదాహరణలో మాటల వరుస తెలుగులో ఎలా ఉందో చైనీస్‌లోనూ అలాగే ఉంది: నేను, నిన్న, కొన్న, పుస్తకం. 'కొన్న'లోని చివరి 'న' చేసే పనిని అక్కడ 的 చేస్తోంది. నామవాచకాన్ని వదిలేసినా 的 నిలబడుతుంది. 我的 అంటే 'నాది', 红的 (హోంగ్ ద) అంటే 'ఎర్రది', 卖菜的 (మాయ్‌త్సాయ్ ద) అంటే 'కూరలమ్మేవాడు'. మన 'ది', 'వాడు' చేరినట్టే.

రెండోది, 地, క్రియ ముందు వస్తుంది. పని ఎలా జరుగుతోందో చెప్పే మాటకు తగులుకుంటుంది. 慢慢地走 (మాన్‌మాన్ ద జౌ) అంటే 'నెమ్మదిగా నడవడం'. 'అందమైన'కీ 'అందంగా'కీ మధ్య ఉన్న తేడాయే 的కీ 地కీ మధ్య ఉన్నదని ఒక్కసారి అనుకుంటే, సగం పని అయిపోయినట్టే.

ఆ తర్వాతే చిక్కు మొదలవుతుంది. తెలుగు 'గా' ఎదురైన ప్రతిచోటా 地 రాసుకుంటూ పోతే, వాక్యాలు తప్పడం ఖాయం. ఎందుకంటే మన 'గా' చేసే పనిని చైనీస్ రెండు అక్షరాలకు పంచింది, రెండూ వాక్యంలో వేర్వేరు చోట్ల ఉంటాయి. 'అతను వేగంగా బయటికి పరిగెత్తాడు' అనడానికి 他飞快地跑了出去 (తా ఫెయ్‌క్వాయ్ ద పావ్ ల చూచ్యూ) అంటారు. 'అతను వేగంగా పరిగెత్తుతాడు' అనడానికి మాత్రం 他跑得很快 (తా పావ్ ద హెన్ క్వాయ్). రెండోచోట క్రియ ముందుకొచ్చింది, 'వేగం' వెనక్కి పోయింది, మధ్యలో 得 నిలిచింది.

ఈ రెండు వాక్యాల్లోనూ 'వేగంగా' అన్న మాటను తీసేసి చూస్తే తేడా తెలుస్తుంది. 'అతను బయటికి పరిగెత్తాడు' అన్నా మొదటి వాక్యంలోని వార్త చెక్కుచెదరలేదు. వేగం దానికి తోడొచ్చిన వివరం మాత్రమే. అలాంటి చోట 地. 'అతను పరిగెత్తుతాడు' అంటే రెండో వాక్యంలో చెప్పదలచిందే పోయింది, ఎందుకంటే అక్కడి వార్త పరుగు గురించి కాదు, ఆ పరుగు తీరు గురించి. అలాంటి చోట 得. 'ఆమె బాగా పాడింది', 'వాడు పొద్దున్నే లేస్తాడు', 'వంట రుచిగా చేశావు' లాంటి, తీర్పు చెప్పే మాటలన్నీ ఈ రెండో గూటికే చేరతాయి.

ఈ లెక్క అర్థమైతే 得తో వచ్చే మరో రెండు ఇబ్బందులకూ జవాబు దొరుకుతుంది. మొదటిది 'కాదు' ఎక్కడ పెట్టాలన్నది. 'అతను వేగంగా పరిగెత్తడు' అన్నప్పుడు మనం క్రియనే మారుస్తాం. చైనీస్‌లో 他跑得不快 (తా పావ్ ద బు క్వాయ్) అనాలి. పరిగెత్తుతున్న మాట నిజమే, కాదంటున్నది వేగాన్ని. అందుకే 'కాదు' అనే 不 కూడా 得 దాటి వార్త ఉన్న చోటికి వెళ్తుంది. రెండోది కర్మ ఉన్న వాక్యం. 得 క్రియను ఆనుకునే ఉండాలి, మధ్యలో ఇంకే మాటనూ రానివ్వదు. కాబట్టి 'అతను చైనీస్ బాగా మాట్లాడతాడు' అనాలంటే క్రియను రెండుసార్లు చెబుతారు: 他说汉语说得很好 (తా షువో హాన్‌యూ షువో ద హెన్ హావ్). లేదా మొదటి 'షువో'ను వదిలేసి 他汉语说得很好 అంటారు. 说得汉语 అని రాస్తే అది వాక్యమే కాదు.

తెలుగు 'గా'కు ఇంకో రూపం కూడా ఉంది. 'ఆ చీర అందంగా ఉంది' అన్నప్పుడు మూడు 'ద'లలో ఏదీ రాదు. అక్కడ 很漂亮 (హెన్ ప్యావ్‌ల్యాంగ్) అంటే సరిపోతుంది. 'గా'ను చూసి ఇక్కడ కూడా ఒక 'ద' చేర్చాలనిపించడం సహజం, కానీ చేర్చకూడదు.

ఒక్క అక్షరం మారితే అర్థం ఎంత మారుతుందో చూపడానికి చక్కటి జంట ఒకటుంది. 他高兴地跳了起来, 他高兴得跳了起来. రెండిటినీ చదివితే ఒకేలా వినిపిస్తాయి: తా గావ్‌శింగ్ ద త్యావ్ ల చీలాయ్. మొదటిది 'అతను ఆనందంగా పైకి గెంతాడు'. వార్త గెంతడం, ఆనందం దాని తీరు. రెండోది 'గెంతులేసేంత ఆనందం కలిగింది అతనికి'. వార్త ఆనందం, అది ఎంతవరకు వెళ్లిందో చెప్పడానికి గెంతు వచ్చింది. 累得说不出话 (లెయ్ ద షువో బు చూ హువా), అంటే 'మాట పెగలనంత అలసట', అన్నదీ ఈ అచ్చులోదే. తెలుగులో 'ఏంత', 'నంత' కనబడిందంటే అక్కడ దాదాపు ఎప్పుడూ 得 పడుతుంది. ఈ మూడింటిలో తెలుగు చెవికి ఎక్కువగా అచ్చొచ్చే గుర్తు ఇదే.

పక్కనున్న మాటను మాత్రమే చూసి తేల్చేస్తే మాత్రం ప్రమాదం. 认真地学习 (రెన్‌జెన్ ద శ్యుయెశీ) అంటే 'శ్రద్ధగా చదవడం'. 'చదవడం' క్రియ కాబట్టి 地. మరి 认真的学习态度 మాటేమిటి? అక్కడా 'ద' పక్కనున్నది అదే 'చదవడం', అయినా 的 రాయాలి. ఎందుకంటే ఈ పదబంధానికి తల చివరనున్న 态度 (తాయ్‌దు), అంటే 'ధోరణి'. చదువు పట్ల శ్రద్ధగల ధోరణి అని అర్థం. 他的到来 (తా ద దావ్‌లాయ్), 'అతని రాక', కూడా అంతే. 'రావడం' పేరుకు క్రియే అయినా ఇక్కడ నామవాచకంగా నిలబడింది కనుక 的. పదబంధం చివరిదాకా చదివి, తల ఏదో తేల్చుకున్నాకే అక్షరం ఎంచుకోవాలి.

ఇలా పంచుకోవడం ఆది నుంచీ ఇలాగే స్థిరపడి లేదు. 1920, 30లలో కొందరు రచయితలు 'నా', 'అతని' లాంటి సంబంధాన్ని చూపడానికి 底 అనే మరో అక్షరం రాసేవారు. తర్వాత అది వాడుక నుంచి తప్పుకుంది, దాని పని కూడా 的 మీదే పడింది. ఇప్పుడు ఫోన్లో `de` అని కొడితే మామూలుగా ముందు వచ్చేది 的యే. తొందరలో దాన్నే నొక్కేసి 跑的快 అని పంపేవాళ్లు చైనాలోనూ బోలెడుమంది. స్నేహితుల మధ్య దాన్నెవరూ పట్టించుకోరు. బడి వ్యాసంలో మాత్రం టీచరు దాని చుట్టూ ఎర్రగీత గీస్తారు. పరుగు విషయంలో చదివేవాడు ఎలాగో సర్దుకుంటాడు. 高兴的跳了起来 అని రాస్తే మాత్రం ఆనందంగా గెంతాడా, గెంతేంత ఆనందపడ్డాడా అన్నది ఆ అక్షరాన్ని బట్టి తేలదు. ముందు వెనుక వాక్యాలు చదివి ఊహించుకోవాల్సిందే.