సంతకానికి ముందు అర పేజీ

బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబం చేతికి సాధారణంగా ఇంగ్లిష్ అగ్రిమెంటు వస్తుంది. దాన్ని అనువదించినా, ‘సదరు కిరాయిదారు’, ‘లేనియెడల మినహాయించబడును’ అంటూ రిజిస్ట్రారు ఆఫీసు భాషే మిగులుతుంది. అందులోంచి అద్దెకుండేవారి బాధ్యతలను అర పేజీలోకి తేవాలి. ప్రతి షరతునూ మూడు ప్రశ్నలు అడగండి: ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేయకపోతే ఎంత పోతుంది?

ఉదాహరణకు అద్దె 18,000, అడ్వాన్సు లక్ష అనుకుందాం. నోటీసు షరతు సారాంశం ఇలా ఉండాలి: ‘ఇల్లు వదలాలంటే రెండు నెలల ముందు రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే 36,000 అడ్వాన్సులో కోస్తారు.’ పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకుంటారని వేరే పేజీలో ఉంటే, దాన్నీ ఇక్కడికే తేవాలి. చెప్పకుండా వెళ్తే చేతికొచ్చేది 46,000 అని అప్పుడు తెలుస్తుంది. అద్దె తేదీ, కరెంటు బిల్లు, మరొకరికి అద్దెకివ్వకూడదన్న నిబంధన ఒక్కో వాక్యంలో సరిపోతాయి.

ఎక్కువగా జారిపోయేది ‘తప్ప’ అన్న మినహాయింపు. ‘మామూలు వాడకం వల్ల కలిగే అరుగుదల తప్ప, నష్టాన్ని అద్దెదారు భరించాలి’ అన్నదాన్ని ‘నష్టమంతా మీదే’ అని కుదిస్తే, వెలిసిన గోడకూ మీరే డబ్బు కట్టాలేమో అనిపిస్తుంది. ప్రతి సారాంశ వాక్యం పక్కన అసలు క్లాజు నంబరు వేసుకోండి. తగాదా వస్తే చెల్లేది మీరు సంతకం పెట్టిన ప్రతే.