పదకొండో రోజు తర్వాత ఆ ఇల్లు

మా దగ్గరి బంధువుల ఇంట్లో 42 ఏళ్ల మనిషి గుండెపోటుతో పోయాడు. భార్య, పదో తరగతి చదివే కొడుకు, అయిదేళ్ల కూతురు, డెబ్భై దాటిన తల్లి మిగిలారు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే పాప పక్కింటి పిల్లలతో దాగుడుమూతలు ఆడింది. కొడుకు కంట తడి లేకుండా తలకొరివి పెట్టాడు. పెద్దావిడ ఆ ఒక్కరోజూ గుండెలు బాదుకుని ఏడ్చింది, తర్వాత ఎవరు పలకరించినా కడుపులో మంటగా ఉందని తప్ప ఇంకో మాట చెప్పలేదు. చూడవచ్చినవాళ్లు అక్కడే తేల్చేశారు: పసిదానికి ఏం తెలియదు, పిల్లాడు గట్టివాడు, పెద్దావిడకు వయసు మీదపడింది. మూడింటిలో ఒక్కటీ నిజం కాదు.

పాప సంగతి ముందు చెబుతాను. చావును అర్థం చేసుకోవడమంటే నిజానికి మూడు నాలుగు విషయాలు విడివిడిగా అర్థం కావడం. పోయినవాళ్లు తిరిగి రారు. పోయిన శరీరానికి ఆకలి, నొప్పి, చలి ఏవీ ఉండవు. చావుకు ఏదో ఒక కారణం ఉంటుంది. అది అందరికీ వస్తుంది. మరియా నాగీ అనే పరిశోధకురాలు బుడాపెస్ట్‌లో పిల్లలతో మాట్లాడి, బొమ్మలు గీయించి, 1948లో ఒక వ్యాసం రాసింది. అయిదేళ్లలోపు పిల్లలకు చావంటే ఎక్కడికో వెళ్లడం, లేదా నిద్రలాంటిది అని ఆమె గమనించింది. ఆ తర్వాతి పరిశోధనలు చూస్తే, అయిదు నుంచి ఏడేళ్ల మధ్య చాలామందికి ఈ విషయాలు ఒక్కొక్కటిగా తెలిసివస్తాయి. వయసు గీత గీసినట్టు ఉండదు. ఇంట్లో దూడ చచ్చిపోవడం చూసిన పిల్లకు ముందే తెలియవచ్చు.

మన పాపకు ఒక అత్త, "నాన్న నిద్రపోయాడమ్మా" అని చెప్పింది. మంచి ఉద్దేశమే. ఆ రాత్రి నుంచి పాప కళ్లు మూసుకోవడానికి ఒప్పుకోలేదు, తల్లి కునుకు తీస్తే తట్టి లేపేది. ఇంకొకరు "దేవుడి దగ్గరికి వెళ్లాడు" అన్నారు. "అయితే ఫోన్ చెయ్యి" అంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. నెల తర్వాత ఒకరోజు అన్నం తింటూ, "నేను చెప్పులు దాచేశానని నాన్న కోపమొచ్చి వెళ్లిపోయాడా?" అని అడిగింది. తను అనుకున్నది, చేసింది లోకాన్ని కదిలిస్తుందని నమ్మే వయసది. అడగని పిల్లలు కూడా ఇలాంటి లెక్క ఏదో మనసులో వేసుకునే ఉంటారు.

అప్పుడు తల్లి చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి. "నాన్న చచ్చిపోయాడు. గుండె పాడైపోయి ఆగిపోయింది. ఇంక ఊపిరి ఆడదు, ఆకలెయ్యదు, నొప్పి ఉండదు. మళ్లీ రాడు. నువ్వు చేసినదానికి కాదు. నిద్రపోతే చచ్చిపోరు." పాప విని, పెరుగన్నం ఇంకొంచెం కావాలంది. అదే ప్రశ్న మర్నాడు మళ్లీ అడిగింది. వారం తర్వాత మళ్లీ. ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో చెప్పాలి. పసిపిల్లల దుఃఖం జల్లు కురిసి వెలిసినట్టుంటుంది. ఎక్కువసేపు మోయలేరు కాబట్టి మధ్యలో ఆటకు పోతారు. బొమ్మను చాప మీద పడుకోబెట్టి పూలు చల్లుతుంటే ఆపకూడదు, చూసింది అర్థం చేసుకుంటున్నారన్నమాట.

పిల్లాడికి అర్థం కానిదంటూ లేదు. పదిహేనేళ్లవాడికి చావు గురించి పెద్దవాళ్లకు తెలిసినంతా తెలుసు. కాకపోతే తోటివాళ్లకంటే వేరుగా కనపడటాన్ని అస్సలు ఓర్చుకోలేని వయసది. గుండు చేయించుకున్న తలతో బడికి వెళ్లాడు. జాలిగా చూసే చూపులు తప్పించుకోవడానికి నెల రోజులు చివరి బెంచీలో కూర్చున్నాడట. దానికితోడు పరామర్శకు వచ్చిన ప్రతి పెద్దమనిషీ భుజం తట్టి, "ఇంక ఈ ఇంటికి మగదిక్కువి నువ్వేరా" అన్నాడు. మన ఊళ్లలో ఈ మాట ఎంత అలవాటుగా వస్తుందో! వాడు దాన్ని అక్షరాలా నమ్మాడు. ట్యూషన్ మానేసి, సెల్‌ఫోన్ల దుకాణంలో పని దొరుకుతుందా అని అడగడానికి వెళ్లాడు. మగదిక్కు ఏడవకూడదు కాబట్టి ఏడవలేదు. ఆ ఏడుపు కోపమై, కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసెయ్యడంగా బయటికొచ్చింది.

ఒక అర్ధరాత్రి తల్లి లేచి చూస్తే, దుప్పటి కప్పుకుని ఫోన్‌లో ఏదో వింటున్నాడు. తండ్రి పంపిన వాయిస్ మెసేజ్. "వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ తీసుకురా." మళ్లీ మళ్లీ అదే.

వాడితో మాట్లాడగలిగింది మేనమామ. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని. "డబ్బు సంగతి నేనూ మీ అమ్మా చూసుకుంటాం, నీ పని పదో తరగతి" అన్నాడు. మొహాలు చూసుకోనక్కర్లేని చోట ఈ వయసువాళ్లు మాట్లాడతారు. అయితే ఒక హెచ్చరిక. బతకాలని లేదనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, తాగుడు, బండి ప్రాణాలకు తెగించి నడపడం, ఇవి కనపడితే ఎదురుచూడకూడదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఎవరూ పట్టించుకోనిది పెద్దావిడనే. కర్మకాండంతా కొడుకు, భార్య చుట్టూ తిరిగింది. కడుపుకోత పడ్డ తల్లికి ఆ పదకొండు రోజుల్లో చెయ్యడానికి ఒక్క పనీ లేదు. "నన్ను తీసుకుపోకుండా వాణ్ణెందుకు తీసుకుపోయాడు" అని ఒక్కసారి అంది. అందరూ "అలా అనకూడదు" అన్నారు. ఇంక నోరు విప్పలేదు. మన పెద్దవాళ్లు మనసు బాగాలేదని చెప్పరు, ఒంట్లో బాగాలేదని చెబుతారు. కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, నోరు చేదు. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. గ్యాస్ మాత్రలు వాడారు, ఎండోస్కోపీ చేయించారు, ఏమీ లేదన్నారు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో మరిచిపోతుంటే మతిమరుపు జబ్బని భయపడ్డారు.

ఇక్కడే పొరపాటు జరిగేది. మతిమరుపు జబ్బు సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది, మనిషి దాన్ని కప్పిపుచ్చుకుంటారు. దుఃఖం ముదిరి కుంగుబాటు అయితే మరుపు కొన్ని వారాల్లోనే కనపడుతుంది, "నాకేం గుర్తుండటం లేదు" అని తామే చెప్పుకుంటారు. ఇంట్లో ఈ తేడాను బట్టి అనుమానించగలమంతే. థైరాయిడ్, బి12 లాంటి పరీక్షలు చేయించి డాక్టరే తేల్చాలి. ఆవిడకు కుంగుబాటని తేలింది, మందు పనిచేసింది.

ముసలితనంలో దుఃఖం ప్రాణం మీదికి రావచ్చు. ఇంగ్లండులో భార్యలు పోయిన 4,486 మంది మగవాళ్లను, అందరూ 55 దాటినవాళ్లే, గమనించి 1969లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు, అదే వయసు భార్యలున్నవాళ్లతో పోలిస్తే, 40 శాతం ఎక్కువ. అందులో పెద్ద వాటా గుండెజబ్బులది. అది జీవిత భాగస్వామి పోయినవాళ్ల లెక్క. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ అంకె అలాగే వర్తిస్తుందని చెప్పలేం కానీ, పరామర్శకు వెళ్లినవాళ్లు ఆవిడ బీపీ మాత్రల గురించి కూడా అడగాలని మాత్రం చెబుతుంది.

మందుతోపాటు ఇంకొకటి జరిగింది. "మీరు కూర్చోండి" అంటూ కోడలు ఆవిడ చేతిలోంచి వంటపనంతా తీసేసుకుంది, గౌరవం కొద్దీ. డాక్టరు చెప్పాక కూరలు తరగడం మళ్లీ ఆవిడకే ఇచ్చింది. పాప పక్కన చేరి, "నాన్న చిన్నప్పుడు ఏం చేశాడు నానమ్మా?" అనేది. కొడుకు పేరు ఎత్తడానికి పెద్దవాళ్లెవరూ సాహసించని ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే అడిగింది. గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్న కథ ఆవిడ పదిసార్లు చెప్పింది.

సంవత్సరీకం నాటికి పాపకు ఆరేళ్లు నిండాయి. విస్తళ్లు వేస్తుంటే తల్లి కొంగు పట్టుకుని, "నాన్న ఎప్పటికీ రాడు కదా" అంది. ఈసారి అది ప్రశ్న కాదు. ఆ రోజే మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టాల్లో ఒకావిడ, "ఏడాదయింది కదా, ఇప్పుడెందుకమ్మా" అని ఊరుకోబెట్టబోతే, పెద్దావిడ చెయ్యి అడ్డుపెట్టి "ఏడవనీ" అంది.